‘నువ్వే రాసి పంపు, సంతకం పెడతా’ అన్నా... అక్కడే తప్పు చేశా!

నవంబరు మొదటి వారం. రాత్రి పదింటికి వాట్సాప్‌లో మెసేజ్. “అన్నా, బాగున్నావా? ఎంఎస్‌కి అప్లై చేస్తున్నా. ఎల్‌ఓఆర్ ఇస్తావా ప్లీజ్?”

పంపింది మా టీమ్‌లో రెండేళ్ల మూడు నెలలు పనిచేసి, మొన్న వేసవిలో వేరే కంపెనీకి మారిన అమ్మాయి. కాలేజీ నుంచి నేరుగా మా దగ్గరికే వచ్చింది. మొదటి రోజు ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్లు ఎక్కించి ఇచ్చింది నేనే. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదవాలని ఏడు యూనివర్సిటీలు ఎంచుకుందట. ఒక్కోదానికి మూడు రికమండేషన్ లెటర్లు కావాలి. రెండు కాలేజీ ప్రొఫెసర్లవి, ఒకటి నాది.

నేను వెంటనే రిప్లై ఇచ్చా. “తప్పకుండా ఇస్తా. నువ్వే డ్రాఫ్ట్ రాసి పంపు, చూసి సంతకం పెడతా.”

ఇందులో తప్పేముంది అనిపించింది. మన దగ్గర అందరూ చేసేది ఇదే కదా! ఆరేళ్ల కిందట నేను అప్లై చేసినప్పుడు మా సార్ కూడా ఇదే మాట అన్నారు. మూడు లెటర్లూ ఒకే రాత్రి కూర్చుని నేనే రాసుకున్నా. ఒకదానిలో ‘కష్టపడి పనిచేస్తాడు’ అని, రెండోదానిలో ‘శ్రమించే తత్వం ఉంది’ అని, మూడోదానిలో ‘అంకితభావం ఎక్కువ’ అని. మూడు సంతకాలు, గొంతు మాత్రం ఒక్కటే.

పేరు మార్చి చూశా

రెండు రోజుల్లో డ్రాఫ్ట్ వచ్చింది. తప్పుల్లేని ఇంగ్లిష్. చాలా తెలివైనది, త్వరగా నేర్చుకుంటుంది, టీమ్‌తో కలిసిపోతుంది, నాయకత్వ లక్షణాలున్నాయి, ఒత్తిడిలోనూ బాగా పనిచేస్తుంది. పేజీ మొత్తం ఇదే వరస.

ఒక పని చేశా. ఆమె పేరు తీసేసి, ఇప్పుడు మా టీమ్‌లో ఉన్న ఇంకో కుర్రాడి పేరు పెట్టి చదివా. అచ్చంగా సరిపోయింది! ఇంకో పేరు పెట్టా. అదీ సరిపోయింది. అంటే ఆ లెటర్‌లో ఆ అమ్మాయే లేదన్నమాట.

మరుసటి రోజు మెట్రోలో వెళ్తుంటే ఒక యూనివర్సిటీ నుంచి మెయిల్. లింక్ నొక్కితే ఫారం తెరుచుకుంది. అప్పటిదాకా నేను అనుకున్నది లెటర్ అప్‌లోడ్ చేస్తే అయిపోతుందని. కానీ దానికి ముందు ప్రశ్నలున్నాయి. ఈ అభ్యర్థి మీకు ఎన్నాళ్లుగా తెలుసు? ఏ హోదాలో తెలుసు? ఎవరితో పోల్చి చెబుతున్నారు? కింద ఒక పట్టిక. విశ్లేషణా శక్తి, రాతలో స్పష్టత, సొంతంగా పనిచేయడం, పరిశోధన సామర్థ్యం... ఒక్కోదానికి `Top 5%`, `Top 10%`, `Top 25%` అంటూ గళ్లు. చివర్లో ఈ లెటర్ నేనే రాశానని ఒప్పుకుంటూ టిక్ పెట్టాలి.

ఆ టిక్ దగ్గర ఆగిపోయా. రాసింది నేను కాదు కదా.

ఆమె వదిలేసింది ఏంటంటే...

ఆ రాత్రి ఫోన్ చేశా.

“డ్రాఫ్ట్ బాలేదా అన్నా?”

“ఇంగ్లిష్ బాగుంది. కానీ ఆ రీఫండ్ల సంగతి ఎందుకు రాయలేదు?”

“అందులో ఫస్ట్ నేనే తప్పు చేశా కదన్నా. అది రాస్తే ఎలా?”

అసలు విషయం ఇక్కడుంది. సొంతంగా లెటర్ రాసుకునేవాళ్లు అబద్ధాలు రాస్తారని కాదు. తమ గురించి చెప్పాల్సిన మంచి సంగతినే తప్పు అనుకుని వదిలేస్తారు. ఎందుకంటే అది బయటి నుంచి చూసినవాళ్లకే కనిపిస్తుంది. ఆ రీఫండ్ల కథేంటో చెబుతా.

మా సిస్టమ్‌లో కస్టమర్‌కి డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వస్తే, మా ప్రోగ్రామ్ పేమెంట్ గేట్‌వేకి రిక్వెస్ట్ పంపుతుంది. 30 సెకన్లలో జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది. అప్పుడప్పుడు కొందరికి రెండుసార్లు డబ్బు పడేది. అలాంటివి వారానికోసారి వెతికి పట్టుకుని చేత్తో సరిచేసేవాళ్లం. ఆమె చేరిన ఎనిమిదో నెలలో ఆ వెతికే పనికి ఒక క్వెరీ రాయమని ఇచ్చా. అంతే పని. రాసి ఇచ్చేసి ఊరుకోవచ్చు.

ఊరుకోలేదు. దొరికిన జంటలన్నీ పక్కపక్కన పెట్టి టైమ్ చూసింది. రెండు రీఫండ్ల మధ్య తేడా దాదాపు అన్నిట్లోనూ 30 సెకన్లే. “అన్నా, ఇది మన టైమౌట్ కదా?” అని అడిగింది. అవును. గేట్‌వే మొదటిసారే డబ్బు పంపేస్తోంది, జవాబు మాత్రం ఆలస్యంగా వస్తోంది. మేం రాలేదనుకుని మళ్లీ పంపుతున్నాం. ఆ లింకు అంతకుముందు మాలో ఎవరికీ తట్టలేదు.

పరిష్కారమూ తనే వెతికింది. ప్రతి రీఫండ్‌కీ ఒక ప్రత్యేకమైన నంబర్ జత చేసి పంపితే, అదే నంబర్ రెండోసారి వచ్చినప్పుడు గేట్‌వే మళ్లీ డబ్బు పంపకుండా పాత జవాబే ఇస్తుంది. దీన్నే ఐడెంపొటెన్సీ కీ అంటారు. కానీ మొదటిసారి రాసిన కోడ్‌లో ఆ నంబర్‌ని మళ్లీ పంపే లూప్ లోపల తయారుచేసింది. దాంతో ప్రతి ప్రయత్నానికీ కొత్త నంబర్ వచ్చింది. అంటే మార్చినా ఫలితం లేదు. రివ్యూలో నేనూ చూసుకోలేదు, ఓకే చేసేశా.

టెస్టింగ్‌లో కావాలని జవాబు ఆలస్యం చేసి చూసి, ఆ తప్పు తనే పట్టుకుంది. ఎవరూ అడగకముందే టీమ్ గ్రూపులో రాసింది: ‘నిన్నటి నా మార్పు పనిచేయదు, కారణం ఇది, ఈరోజు సరిచేస్తున్నా.’ ఆమె దాచిపెట్టాలనుకున్నది ఈ తప్పునే. నాకు బాగా గుర్తున్నదీ ఇదే.

లెటర్ ఎలా రాశానంటే...

ఆమె డ్రాఫ్ట్ పక్కన పెట్టేశా. దాని బదులు నాలుగు అడిగా: రెజ్యూమె, మార్కుల మెమోలు, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, డెడ్‌లైన్లతో యూనివర్సిటీల లిస్టు. వాటితోపాటు మా దగ్గర చేసిన పనుల్లో తనకి గుర్తున్నవి ఐదు, తెలుగులోనైనా సరే, ఉన్నవి ఉన్నట్టు రాసి పంపమన్నా. అవి గుర్తు చేసుకోవడానికే, కాపీ కొట్టడానికి కాదు. తర్వాత పాత టికెట్లు, రివ్యూ కామెంట్లు తీసి తేదీలు సరిచూసుకున్నా.

మొదటి పేరాలో నేనెవరు, ఆమె నాకెలా తెలుసు. ‘చాలాకాలంగా తెలుసు’ అని కాకుండా, ఏ నెల నుంచి ఏ నెల దాకా అని రాశా. నేను ఆమె మేనేజర్‌ని కాదు, టీమ్ లీడ్‌ని. రోజూ పని పంచేది, కోడ్ చూసేది నేనే. ఉన్నది ఉన్నట్టు అదే రాశా. డైరెక్టర్ స్థాయి వాళ్ల సంతకం ఉంటే బరువు ఎక్కువని కొందరు అనుకుంటారు. ఆయన ఆమెను రెండుసార్లు చూసి ఉంటే, రెండు లైన్లకు మించి రాయలేరు కదా.

రెండో పేరా మొత్తం రీఫండ్ల కథే. ఏం పని ఇచ్చా, ఆమె ఏం గమనించింది, ఎక్కడ తప్పింది, ఎలా బయటపెట్టింది. ‘తెలివైనది’ అనే మాట ఎక్కడా వాడలేదు. 30 సెకన్ల సంగతి చదివినవాళ్లకి ఆ మాట అవసరం లేదు.

మూడో పేరాలో చదువుకు పనికొచ్చే ఇంకో సంగతి. కొత్తగా చేరేవాళ్ల కోసం మా సిస్టమ్ ఎలా పనిచేస్తుందో తొమ్మిది పేజీల నోట్ రాసింది. ఇప్పటికీ కొత్తవాళ్లకు మేం మొదట ఇచ్చేది అదే. మార్కులు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంటాయి, ప్రాజెక్టుల పేర్లు రెజ్యూమెలో ఉంటాయి, ఆశయాలు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. వాటిని మళ్లీ చెప్పడానికి లెటర్ ఎందుకు? ఆ మూడింట్లో దొరకనిదే రాయాలి.

గళ్లు నింపడమే కష్టం

ఇప్పుడు ఆ పట్టిక. మొదట చెయ్యి `Top 5%` మీదికే వెళ్లింది. మన అమ్మాయి కదా, అన్నిట్లో అదే పెట్టేస్తే పోలా!

కానీ లెక్క వేస్తే ఇరుక్కున్నా. నాలుగేళ్లలో నేను దగ్గరుండి పని నేర్పిన జూనియర్లు తొమ్మిది మంది. వాళ్లలో మొదటి స్థానం ఇచ్చినా అది తొమ్మిదిలో ఒకటి, అంటే 11 శాతం. టాప్ 5 శాతం అని చెప్పాలంటే కనీసం ఇరవై మందిని చూసి ఉండాలి కదా? నేను చూసిందే తొమ్మిది మందిని.

అందుకే పోలిక ఎవరితోనో లెటర్‌లోనే రాశా: ‘నేను నేర్పిన తొమ్మిది మందిలో, తెలియని సమస్యను విడదీసి చూడటంలో ఈమెకే మొదటి స్థానం ఇస్తాను.’ ఫారంలో విశ్లేషణా శక్తికి దానికి దగ్గరగా ఉన్న `Top 10%` పెట్టా. రాతలో స్పష్టతకూ అదే. మీటింగుల్లో మాట్లాడటానికి మాత్రం `Top 25%`. పరిశోధన సామర్థ్యం దగ్గర ఆగా. మేం చేసేది పరిశోధన కాదు. ఆ ఫారంలో `No basis for judgment` అనే గడి కూడా ఉంది. దాన్నే నొక్కా. పరిశోధన గురించి చెప్పాల్సింది ఆమె ఫైనలియర్ ప్రాజెక్టు చేయించిన ప్రొఫెసర్. ముగ్గురు రాసేది అందుకే కదా, ఒక్కొక్కరికి ఒక్కో వైపు తెలుస్తుందని.

అన్ని గళ్లలోనూ పై అంకె పెట్టేస్తే ఆ అమ్మాయికి మేలు చేసినట్టు అనిపిస్తుంది. కానీ పట్టికలో అన్నీ ఒకేలా ఉంటే, రాసినవాడు ఒక్కో ప్రశ్నా చదవలేదని చూసేవాళ్లకి తెలిసిపోతుంది. లెటర్‌లో ఉన్న సంగతులకూ గళ్లకూ పొంతన ఉంటేనే రెండిట్నీ నమ్ముతారు.

లోపం రాయాలా, వద్దా?

ఏడింట్లో రెండు ఫారంలు నేరుగా అడిగాయి, ఈ అభ్యర్థి ఎక్కడ మెరుగుపడాలని. ‘మరీ ఎక్కువ కష్టపడుతుంది’ అని రాస్తే నవ్వుకుంటారు. అలాగని చేతికొచ్చింది రాసి పిల్ల అవకాశం చెడగొట్టలేం కదా.

నిజమైన లోపం ఒకటుంది. మొదట్లో ఎక్కడైనా ఇరుక్కుంటే అడిగేది కాదు. ఒకసారి చిన్న కాన్ఫిగరేషన్ సమస్య మీద రెండు రోజులు కూర్చుంది. అడిగితే పది నిమిషాల పని. అప్పుడు ఒక రూల్ పెట్టుకున్నాం. గంటసేపు ప్రయత్నించాక కూడా కదలకపోతే, ఇప్పటిదాకా ఏమేం చేశావో గ్రూపులో రాయాలి. మొదటి నెల నేనే గుర్తుచేయాల్సి వచ్చింది. తర్వాత అలవాటైంది. రెండో ఏడాదిలో నేను రెండు వారాలు సెలవు పెడితే రోజువారీ మీటింగ్ నడిపింది ఆమే. అయినా కొత్తవాళ్ల మధ్య నోరు విప్పడానికి ఇప్పటికీ కాస్త టైమ్ పడుతుంది. అదీ రాశా.

ఇది రాసేటప్పుడు మూడు చూసుకున్నా. లోపం నిజమైనదేనా? అది మారిన దాఖలా నా కళ్లతో చూశానా? ఆమె చేయబోయే చదువుకు అది అడ్డంకి అవుతుందా? మూడో ప్రశ్నకి ‘అవును’ అని వస్తే లెటర్ ఇవ్వడానికి ఒప్పుకోకూడదు. మొహమాటానికి ఒప్పుకుని చప్పగా రాసే బదులు, మొదటే ‘ఇంకెవరినైనా అడుగు’ అని చెప్పడం నయం.

ఆఫీసుతో పేచీ రాకుండా

అప్‌లోడ్ చేసే ముందు మా హెచ్‌ఆర్‌ని అడిగా. మా కంపెనీ లెటర్‌హెడ్ మీద హెచ్‌ఆర్ మాత్రమే ఇవ్వాలి, అది కూడా చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా. నేను వ్యక్తిగతంగా రాసుకోవచ్చు, నా హోదా చెప్పుకోవచ్చు, లెటర్‌హెడ్ మాత్రం వాడకూడదన్నారు. ఒక్కో కంపెనీలో ఒక్కో రూల్ ఉంటుంది కాబట్టి అడిగి రాయడమే మంచిది. క్లయింట్ పేరు, ఎంత డబ్బు రెండుసార్లు వెళ్లింది లాంటివి రాయలేదు. ‘ఒక చెల్లింపుల వ్యవస్థ’ అన్నా. కథకి అదేమీ తక్కువ చేయలేదు.

మెయిల్ విషయంలో మాత్రం ఆఫీసు ఐడీయే ఇవ్వమన్నా. మాజీ టీమ్ లీడ్ పేరుతో ఒక జీమెయిల్ ఐడీ ఎవరైనా తయారుచేయొచ్చు కాబట్టి యూనివర్సిటీలు ఆఫీసు మెయిల్‌నే ఎక్కువ నమ్ముతాయి. చిక్కేమిటంటే, ఆఫీసు మెయిల్‌లో ఇలాంటి లింకులు స్పామ్‌లోకి వెళ్తాయి. ఏడింట్లో రెండు నాకు అక్కడే దొరికాయి. ‘లింక్ పంపారు, చూడన్నా’ అని ఆమె చెప్పకపోతే తెలిసేదే కాదు.

ఇంకోటి. ఆమె పంపిన వర్డ్ ఫైల్‌నే తీసుకుని పీడీఎఫ్ చేసి ఉంటే? ఫైల్ ప్రాపర్టీస్‌లో ఆథర్ దగ్గర ఆమె పేరే ఉండేది. నిజంగానే తెరిచి చూశా, ఉంది! ఎవరైనా రెండు క్లిక్కుల్లో చూడగలిగే సంగతి ఇది. ఫారం నింపిన ఐపీ అడ్రస్ కూడా సర్వర్ లాగ్‌లో ఉంటుంది. అభ్యర్థి అప్లై చేసిందీ, లెటర్ వచ్చిందీ ఒకే ఇంటి ఇంటర్‌నెట్ నుంచి అయితే ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. కన్సల్టెన్సీ వాళ్లు ‘లెటర్లు మేం చూసుకుంటాం’ అన్నప్పుడు ఇది గుర్తుంచుకోండి.

డెడ్‌లైన్ కూడా చూసుకోవాలి. ఆమె లిస్టులో నాలుగింటికి డిసెంబరు 15 ఆఖరు. అమెరికా తూర్పు తీరంలో ఆ రాత్రి 11:59 అంటే మనకు 16వ తేదీ ఉదయం 10:29. చివరి రాత్రి దాకా ఆగకుండా పదో తేదీకే ముగించేశా. ఒక్కో ఫారంలో ప్రశ్నలు వేరు కాబట్టి ఏడింటికీ కలిపి రెండు శని, ఆదివారాలు పట్టాయి. పేజీన్నర లెటర్ మాత్రం అన్నిటికీ ఒకటే.

“ఏం రాశావన్నా?”

మధ్యలో ఒకసారి అడిగింది. “అప్లికేషన్‌లో వెయివ్ చేస్తావా అని అడుగుతున్నారు. ఏం పెట్టాలి?”

అమెరికాలో 1974లో వచ్చిన ఫెర్పా అనే చట్టం ప్రకారం, అక్కడ చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసే హక్కుంటుంది. అందులో ఈ లెటర్లూ ఉంటాయి. వద్దనుకుంటే ముందే ఆ హక్కు వదులుకోవచ్చు. వదులుకోవాలని ఎవరూ బలవంతం చేయకూడదు. కానీ వదులుకుంటే, రాసినవాళ్లు మొహమాటం లేకుండా రాశారని చదివేవాళ్లకి నమ్మకం కుదురుతుంది. మనం ఏం పెట్టామో లెటర్ రాసేవాళ్ల ఫారంలోనూ కనిపిస్తుంది. “నీ ఇష్టం. నామీద నమ్మకముంటే వదులుకో” అన్నా. ఏడింట్లోనూ వదులుకుంది.

డిసెంబరు పదో తేదీ రాత్రి ఏడో ఫారం సబ్మిట్ చేసి స్క్రీన్‌షాట్ పంపా. వెంటనే మెసేజ్.

“థ్యాంక్యూ అన్నా! ఏం రాశావు?”

“నువ్వే కదా చూడనని టిక్ పెట్టావు.”

“ఆ రీఫండ్ల సంగతి రాయలేదు కదా?”

నవ్వే ఎమోజీ ఒకటి పెట్టి ఫోన్ పక్కన పడేశా.